యజమాని ముఖం, పనివాని లెక్క

కఠినుడైన యజమాని వద్ద పనిచేయడం కష్టమే. అయినా ఆ కష్టానికి ఒక హద్దు ఉంటుంది. ఆయన ప్రతి ఉదయమూ కఠినుడే గనుక, పనివాడు ఏ మాటకు ఏ జవాబు వస్తుందో ముందే ఎరిగి ఉంటాడు. ఆయన నుండి ఆదరణను ఆశించడు, ఆశించనందున భంగపడడు. మేము ఈ నెల ప్రస్తావించదలచినది వేరొక తరహా యజమానిని గురించి. సోమవారం నాడు భుజం మీద చేయి వేసి “నీవు నా బిడ్డవు” అంటాడు. బుధవారం నాడు అదే నోటితో పశువుకన్నా హీనంగా తిడతాడు. గురువారం నాడు ఏమీ జరగనట్లు తన పళ్ళెంలోని ఖర్జూరాలు తీసి ఇస్తాడు. ఇతని వద్ద పనిచేసేవాడు పనితో అలసిపోవడం తక్కువ, పని మొదలు కాకముందే అలసిపోవడం ఎక్కువ.

మా మద్రసాలో ఖుర్ఆన్ చదువుకునే ఇద్దరు బాలల తండ్రి కువైట్‌లో ఒక ఇంట డ్రైవరుగా ఉన్నారు. పేరూ ఊరూ వ్రాయకూడదన్న షరతుతో తన సంగతి వ్రాయడానికి అనుమతించారు. రాయచోటి, కడప, రాజంపేట ప్రాంతాల పాఠకులకు ఆ ఉద్యోగం గురించి మేము చెప్పవలసినది తక్కువ. అక్కడ అనేక ఇళ్ళలో ఎవరో ఒకరు ఆ దేశం వెళ్ళి వచ్చినవారే. తక్కినవారి కోసం రెండు మాటలు. ఇంటిపనికి వెళ్ళేవారికి ఇచ్చేది 20వ నంబరు వీసా. మనవారు దానిని ‘ఖాదిం వీసా’ అంటారు. ఆ వీసా మీద ఉన్నవాని అకామా, అంటే నివాసపత్రం, ఆ ఇంటి యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. అది తెగితే ఆ దేశంలో నిలువ నీడ తెగినట్లే. కంపెనీలో మేనేజరు కోపగిస్తే పైన మరొకరు ఉంటారు. ఇక్కడ పని ఇచ్చేవాడు, గది ఇచ్చేవాడు, అన్నం పెట్టేవాడు, అకామా పునరుద్ధరించేవాడు, అందరూ ఒక్కరే. అందువల్ల ఆ ఒక్కరి ముఖం ఎలా ఉన్నదన్నది పనివానికి వాతావరణమంత పెద్ద విషయమవుతుంది.

ఈ సోదరుడు అదే ఇంట ఏడేళ్ళుగా ఉన్నారు. నెలజీతం 120 దినార్లని మాట. ఉదయం పిల్లలను బడిలో దింపాలి, తరువాత ఇంటి యజమానిని కార్యాలయానికి చేర్చాలి. అక్కడి మనవారు యజమానిని ‘బాబా’ అని, యజమానురాలిని ‘మామా’ అని పిలుస్తారు. మధ్యాహ్నం మామా బంధువుల ఇళ్ళు, సాయంత్రం సరుకులు, రాత్రి బాబా దీవానియా. దీవానియా అంటే మగవారు కూర్చుని కబుర్లాడుకునే చావడి. అది ముగిసేవరకు కారులో నిరీక్షణ. ఇవన్నీ ఆయనకు బరువుగా తోచలేదు. ఆయనను తినివేసినది మరొకటి. దానిని ఆయన మాకు ఒక ఉదాహరణతో చెప్పారు.

ఒకనాడు రోడ్డు మీద ప్రమాదం వల్ల వాహనాలు నిలిచిపోయి, పది నిమిషాలు ఆలస్యంగా బాబా కార్యాలయం ముందుకు చేరారు. బాబా నవ్వి, “నేను కూడా ఇప్పుడే దిగాను” అన్నారు. మూడు రోజుల తరువాత అదే చోట, అదే సమయాన, మళ్ళీ పది నిమిషాలే ఆలస్యమైంది. ఈసారి బాబా కారు తలుపు తెరిచి, అందరూ చూస్తుండగా తల్లిని తిట్టారు. ఇంటికి చేరేవరకు ఎండలో కారు అద్దాలు దింపించి, ఏసీ వేయనివ్వలేదు. తాను కూడా ఆ వేడిలోనే కూర్చున్నారట, కోపం అంతటిది! ఆ రాత్రే వంటమనిషి చేత మాంసం పెట్టించి పంపారు. “పది నిమిషాల తప్పు ఎంత పెద్దదో నాకు ఈనాటికీ తెలియదు హజ్రత్” అన్నారు ఆ సోదరుడు.

ఈ మాటలో మొత్తం వ్యాధి ఉన్నది. తప్పుకూ శిక్షకూ, మంచిపనికీ మెప్పుకూ మధ్య ఉండవలసిన లంకె తెగిపోయింది. లంకె ఉంటే మనిషి నేర్చుకుంటాడు. తెగిపోతే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు, కాని మనసు వెదకడం మానదు. ఆయన కూడా వెదికారు. బాబా మెట్లు దిగే చప్పుడును బట్టి ఆనాటి కోపాన్ని అంచనా వేయడం నేర్చుకున్నారు. తాళాలు బల్లపై పెట్టిన తీరును, సలాముకు వచ్చిన జవాబులోని బిగువును గమనించేవారు. నీలం చొక్కా వేసుకున్న నాడు తిట్లు పడినట్లు తోచి ఆ చొక్కాను పెట్టె అడుగున పడవేశారు. దీన్ తెలిసిన మనిషే, శకునాలు నమ్మకూడదని ఎరిగినవారే. అయినా జవాబు లేని ప్రశ్నను రోజూ మోసేవాడు చివరకు ఇటువంటి జవాబులు తానే కల్పించుకుంటాడు. నింద తనమీద వేసుకోవడం కూడా అటువంటి జవాబులలో ఒకటి. “నాలోనే ఏదో లోపం ఉన్నది, లేకుంటే నిన్న అంత ప్రేమగా ఉన్న మనిషి ఈనాడు ఇలా ఎందుకుంటాడు?” అనుకుంటాడు.

మరి ఏడేళ్ళు ఎందుకున్నారు? అప్పులూ అకామా కొంత కారణం. మంచిరోజులు మరింత పెద్ద కారణం. ఇది వినడానికి వింతగా ఉంటుంది. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ గత శతాబ్దంలో పావురాలపై జరిపిన ప్రయోగాలలో ఒక సంగతి తేలింది. మీటను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజ రావడం ఆగిపోతే త్వరలోనే పొడవడం మానివేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే గింజ దొరికిన పావురం, గింజ పూర్తిగా ఆగిన తరువాత కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. మనిషి పావురం కాడు. అయినా నిలకడ లేని ఆదరణ, నిలకడైన ఆదరణ కన్నా గట్టిగా కట్టివేయగలదన్న మాట ఆ డ్రైవరు సోదరుని విషయంలో అక్షరాలా నిజమైంది. తిట్టిన తరువాత వచ్చే ఒక్క చిరునవ్వు ఆయనకు జీతం పెరిగినంత ఊరట ఇచ్చేది. నిజానికి ఆ చిరునవ్వు ఇచ్చినది ఏమీ లేదు, ముందు తీసుకున్న దానిని తిరిగి ఇచ్చింది, అంతే.

ఈ ఊగిసలాట కువైట్‌లోని ఆ గదిలోనే ఆగలేదు. ఇక్కడ ఆయన భార్య, రాత్రి ఫోను మోగగానే భర్త గొంతును బట్టి బాబా మనఃస్థితిని లెక్కగట్టేవారు. బాబా మంచిగా ఉన్న రాత్రి ఆయన పిల్లలతో అరగంట మాట్లాడేవారు. లేని రాత్రి, పరీక్షలో మార్కులు తగ్గాయని పెద్దవాణ్ణి కసిరి ఫోను పెట్టివేసేవారు. ఎన్నడూ చూడని ఒక మనిషి కోపానికి ఆ పిల్లలు ఇక్కడ, మా ఎదుట, బిక్కమొగం వేసుకుని కూర్చున్న ఉదయాలు మాకు తెలుసు. యజమాని నుండి పనివానికి, పనివాని నుండి పిల్లలకు ఇది ఇలా చేతులు మారుతూ పోతుంది.

ఆ సోదరుడు మాకు ఫోనులో పంపిన సందేశం ఫిర్యాదు కాదు. అది ఒక మస్అలా, ఒక ధర్మసందేహం. “హజ్రత్! బాబా నాలుగు నెలలలో నాకు జీతం కన్నా ఎక్కువే ఇచ్చానంటున్నారు. నాకేమో జీతం బాకీ ఉన్నట్లు అనిపిస్తోంది. ఇంత మంచి చేసిన మనిషిని ఇంకా అడగడం నాకు హలాలేనా?”

మేము ముందుగా లెక్క పంపమన్నాము. ఆయన వద్ద పుస్తకమేదీ లేదు. అయితే డబ్బు ఇంటికి పంపిన ప్రతిసారీ ఎక్స్‌ఛేంజ్ వారు ఇచ్చిన రసీదులు దాచుకున్నారు. వాటి తేదీలను ముందు పెట్టుకుని, ఏ డబ్బు ఏ సందర్భంలో చేతికి వచ్చిందో ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నారు. నాలుగు నెలల జీతం 480 దినార్లు కావాలి. బాబా జీతమని చెప్పి ఇచ్చినది మూడు నెలలది, 360. పండుగనాడు ‘ఈదీ’ అని 50 ఇచ్చారు. కుమారుడు పట్టా పుచ్చుకున్న సంతోషంలో ఇంట పనిచేసేవారందరికీ తలా 25 పంచారు. ఈయన తల్లి ఆసుపత్రిలో ఉన్నదని తెలిసి, అడగకుండానే 65 చేతిలో పెట్టి, “ఇది అప్పు కాదు, మీ అమ్మ కోసం” అన్నారు. అన్నీ కలిపితే 500. బాబా అన్న మాట అబద్ధం కాదు. 480 ఇవ్వవలసిన చోట 500 ఇచ్చారు. అయినా ఒక నెల జీతం, 120 దినార్లు, బాకీ ఉన్నది.

ఇది గారడీ కాదు. ఫిఖ్‌హ్ గ్రంథాలలో ‘ఇజారా’ ప్రకరణం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన సంగతి. కూలి ఒప్పందం సక్రమం కావాలంటే కూలి ఎంతో ఇరువురికీ స్పష్టంగా తెలిసి ఉండాలి. పనీ, కాలమూ కూడా తెలిసి ఉండాలి. ఒకే యజమానికి తన కాలాన్ని అప్పగించిన పనివానిని ఫుఖహా ‘అజీరె ఖాస్’ అన్నారు. ఒప్పుకున్న వేళలో అతడు సిద్ధంగా ఉంటే చాలు, యజమాని పని చెప్పకపోయినా అతని కూలి యజమానిపై పడుతుంది. కాబట్టి దీవానియా బయట కారులో కూర్చున్న మూడు గంటలు విశ్రాంతి కాదు, పనే. ఆ కూలి యజమాని మెడపై రుణం. ఈదీ, పంపకం, తల్లి వైద్యానికి ఇచ్చిన సొమ్ము రుణం తీర్చడం కాదు, ‘హిబా’, అంటే కానుక. ఇచ్చేటప్పుడే “ఇది నీ జీతంలో ముందుగా ఇస్తున్నాను” అని ఉంటే అది అడ్వాన్సు అయ్యేది. “అప్పు కాదు” అని ఇచ్చి, పుచ్చుకున్నవాడు దానిని ఖర్చు చేసిన తరువాత, కోపం వచ్చిన నాడు దానిని జీతం కిందికి మార్చడం చెల్లదు.

ఊగిసలాడే యజమాని వద్ద జరిగే అసలు నష్టం ఇదే. అతని వద్ద హక్కూ, కానుకా కలిసిపోతాయి. జీతం కూడా అతని మంచి మనసు వల్ల వచ్చినట్లు కనిపిస్తుంది. సెలవు కూడా దయగా కనిపిస్తుంది. అన్నీ దయే అయినప్పుడు అడగడానికి నోరు రాదు. అతని మనసును మార్చడం పనివాని చేతిలో లేదు. ఈ రెంటినీ వేరుచేసి చూడడం మాత్రం పూర్తిగా అతని చేతిలోనిదే.

దివ్య ఖుర్ఆన్‌లో సూరె ఖసస్ చదివేవారు మద్యన్ వృద్ధునికీ హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కూ మధ్య జరిగిన ఒప్పందాన్ని ఎరుగుదురు. ఎనిమిదేళ్ళ సేవ ఒప్పందం, పదేళ్ళు పూర్తిచేస్తే అది మూసా ఇష్టం. ఆ వృద్ధుడు గడువు చెప్పి ఊరుకోలేదు, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని కూడా ముందే మాట ఇచ్చాడు. మూసా కూడా, రెండు గడువులలో ఏది పూర్తిచేసినా తనపై ఒత్తిడి ఉండకూడదని స్పష్టం చేసుకుని, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టారు. ఒకరు ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన పరదేశి, మరొకరు ఆశ్రయమిచ్చిన పెద్దమనిషి. అయినా ఏది బాధ్యతో, ఏది ఐచ్ఛికమో మొదటిరోజే వేరుచేసుకున్నారు. మన గల్ఫు సోదరులు విమానం ఎక్కే ముందు ఈ ఘట్టాన్ని ఒకసారి చదువుకోవాలని మా కోరిక.

లెక్క తేలిన తరువాత ఆ సోదరునికి రెండు పనులు చెప్పాము. మొదటిది, ఒక చిన్న పుస్తకం కొని, రోజూ పడుకునే ముందు పని మొదలైన వేళ, ముగిసిన వేళ వ్రాయడం. డబ్బు వచ్చిన నాడు అది జీతమా, అడ్వాన్సా, కానుకా అన్నది ఇచ్చిన మనిషి మాటలతో సహా వ్రాయడం. రెండవది, బాబా ఆనాడు ఎలా ఉన్నారో ఒక్క మాటలో వ్రాయడం, పక్కన తనవైపు నుండి నిజంగా పొరపాటు ఏదైనా జరిగిందా లేదా అన్నది వ్రాయడం.

మూడు నెలల తరువాత ఆ పుస్తకం చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. కోపపు రోజులలో సుమారు సగం, దీవానియా అర్ధరాత్రి దాటిన మరునాటి ఉదయాలలోనూ, నెల చివరి వారంలోనూ పడ్డాయి. నెల చివరన బాబా వ్యాపార బాకీల గురించి ఫోనులో వాదులాడడం ఈయన విన్నారు. ఆ రోజులలో సెలవు గురించో, టైర్ల గురించో ఎత్తకుండా ఉండడం సాధ్యమే. తక్కిన సగానికి మాత్రం ఏ కారణమూ దొరకలేదు. ఈయన పొరపాటు ఉన్న రోజులు చాలా కొద్ది. వాటిలోనూ సగం రోజులు బాబా నవ్వుతూనే ఉన్నారు. కారణం దొరకని ఆ రోజులే ఆయనకు ఎక్కువ ఊరటనిచ్చాయట. ఇంతకాలం తానే కారణమనుకున్నది తనది కాదని కాగితం మీద కనబడింది. నీలం చొక్కా మళ్ళీ బయటికి వచ్చింది.

ఇక 120 దినార్లు అడగవలసిన రోజు ఏది? కోపంగా ఉన్నరోజు అడగకూడదని అందరికీ తెలుసు. మంచిగా ఉన్నరోజు కూడా అడగవద్దని మేము చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోయారు. మంచిరోజున అటువంటి యజమాని ఏదైనా ఒప్పుకుంటాడు. “120 ఏమిటి, 200 తీసుకో” అంటాడు. ఆ మాట ఆనాటి వెచ్చదనంలో పుట్టింది గనుక ఆ వెచ్చదనంతోనే పోతుంది. పైగా హక్కుగా అడగవలసినది మళ్ళీ కానుకగా చేతికి వస్తుంది, మరొక కోపపు రోజున లెక్కకు ఎక్కుతుంది. అడగవలసినది మామూలు రోజున. నవ్వూ, చిరాకూ రెండూ లేని, కార్యాలయం నుండి ఇంటికి వచ్చే దారిలో. ఎవరి ఎదుటా కాదు, ఇతరుల ముందు అడిగితే అది ఆయనకు పరువు సమస్య అవుతుంది. పాత తిట్ల ప్రస్తావన తేకూడదు. ఒకే విషయం, ఒకే అంకె.

ఆయన తనకు వచ్చిన అరబ్బీలో ఇలా అడిగారట: “బాబా, ఈదీకి, మా అమ్మకు మీరు ఇచ్చినదానికి అల్లాహ్ మీకు ప్రతిఫలమివ్వాలి. అది నేను మరచిపోను. సఫర్ నెల జీతం 120 మాత్రం ఇంకా రాలేదు. ఈ వారం ఇస్తారా, వచ్చే నెలతో కలిపి ఇస్తారా?” కానుకను కానుకగా గుర్తించి కృతజ్ఞత చెప్పారు, హక్కును హక్కుగా పేరుపెట్టి చెప్పారు. ‘ఇస్తారా లేదా’ అని కాక ‘ఎప్పుడు’ అని అడిగారు. బాబా కాసేపు మౌనంగా ఉండి, సగం ఇప్పుడు, సగం వచ్చే నెల అన్నారు. ఆ రాత్రే ఈయన వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపారు: మీరు చెప్పినట్లే, 60 ఈ వారం, 60 వచ్చే నెల, జజాకల్లాహ్ ఖైర్. మొదటి 60 మూడు రోజులలో వచ్చింది. రెండవది రావడానికి నెల మీద పదిహేను రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు, “నా మీద కాగితాలు వ్రాస్తున్నావా?” అని పెద్ద గొడవ కూడా జరిగింది. వాట్సాప్ సందేశం చూపవలసిన అవసరం రాలేదు. అది ఉన్నదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

బాబా మారలేదు. ఈ వ్యాసం చదివి మరొకరు తమ యజమాని మారతాడని ఆశ పెట్టుకోకూడదని ఈ మాట వ్రాస్తున్నాము. తిట్లు నేటికీ ఉన్నాయి, ఖర్జూరాలూ ఉన్నాయి. ఫోనులో పిల్లలపై విసుక్కోవడం మాత్రం బాగా తగ్గిందని ఆయన భార్య మా ఇంటివారితో చెప్పారు. కోపపు రాత్రులలో ఆయన ముందుగా పుస్తకంలో వ్రాసి, వుజూ చేసి, ఆ తరువాతే ఫోను తీస్తున్నారట.

కొందరు పెద్దలు ఇటువంటి వారికి “సబర్ చేయి నాయనా” అని ఒక్క మాటతో సరిపెడతారు. సబర్ గొప్ప గుణమే, కాని హక్కును అడగకపోవడానికి అది పేరు కాదు. ఇవ్వగల స్తోమత ఉండి కూడా బాకీ చెల్లింపును వాయిదా వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (సఅసం) స్పష్టంగా చెప్పి ఉన్నారు. దౌర్జన్యం ముందు మౌనంగా ఉండమని దానికి అర్థం తీయలేము. నోరు జారకుండా, అబద్ధమాడకుండా, ఆయన కారుకు నష్టం చేయకుండా, అమానతును కాపాడుతూ తన హక్కును అడగడమే ఇక్కడ సబర్.

ఈ పత్రిక పనివారి ఇళ్ళకే కాదు, పనివారిని పెట్టుకున్న ఇళ్ళకూ వెళుతుంది. బట్టల దుకాణాలు, హోటళ్ళు, కుట్టుపని కార్ఖానాలు నడిపే సోదరులు మనలో ఎందరో ఉన్నారు. ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి తమ ముఖం చూసి గడప దాటుతున్నదా అని సోదరీమణులు కూడా గమనించుకోవాలి. హజ్రత్ అనస్ (రజి) బాలునిగా దైవప్రవక్త (సఅసం) సేవలో చేరి పదేళ్ళు గడిపారు. ఆ పదేళ్ళలో ప్రవక్త తనను ఒక్కసారి కూడా ‘ఉఫ్’ అనలేదని, చేసినదానిని ఎందుకు చేశావని గాని, చేయనిదానిని ఎందుకు చేయలేదని గాని అడగలేదని ఆయన తెలిపారు. ఈ హదీసును మనం సౌమ్యతకు నిదర్శనంగా చెప్పుకుంటాం. అందులో మరొకటి కూడా ఉన్నదని మాకు తోస్తుంది. పదేళ్ళపాటు ఆ బాలుడు రేపు ఎలా ఉంటుందోనని భయపడుతూ పడుకోవలసిన అవసరం రాలేదు. ఒకరోజు అతిగా దగ్గరకు తీసి మరునాడు తోసివేసే యజమాని, తాను ఇచ్చిన ఈదీల లెక్క చెప్పుకుంటాడే గాని, ఈ నిశ్చింతను ఇవ్వలేదని గుర్తించడు.

ఇంతవరకు చెప్పినది నోటి దురుసు, జీతం జాప్యం వరకే. కొన్ని సంగతులను మనఃస్థితి ఖాతాలో వేయరాదు. చేయి చేసుకోవడం, అన్నం పెట్టకపోవడం, గదిలో పెట్టి తాళం వేయడం, పాస్‌పోర్టు అడిగినా ఇవ్వకపోవడం, నెలల తరబడి జీతం ఆపడం ఇటువంటివి. మరునాడు క్షమాపణ చెప్పి కానుక ఇచ్చినా అవి జరిగిన సంగతులే. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. పని రోజుకు 12 గంటలకు మించరాదని, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని, ఏటా జీతంతో 30 రోజుల సెలవు ఉండాలని, పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదని అది చెబుతుంది. ఒప్పందం ముగిసినప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. చట్టంలో ఉన్నదంతా ఇళ్ళలో అమలు కావడం లేదని మనకు తెలియనిది కాదు. అయినా ఏడేళ్ళ సేవకు ఏడు నెలల జీతం తన హక్కు అని తెలిసినవాడు, వెళ్ళేరోజున బాబా మంచి మనసుతో చేతిలో పెట్టిన 100 దినార్లకు కరిగిపోయి సంతకం పెట్టడు.

మితిమీరినప్పుడు చాలామంది చేసే పని, రాత్రికి రాత్రి ఇల్లు విడిచి తెలిసినవారి గదికి పారిపోవడం. దయచేసి అలా చేయవద్దు. యజమాని ‘పరారీ’ అని నమోదు చేయిస్తే అకామా పోతుంది, బాధితుడే నేరస్థుడవుతాడు, రావలసిన జీతం అడిగే స్థితి కూడా ఉండదు. ఇల్లు విడవవలసి వస్తే నేరుగా భారత రాయబార కార్యాలయానికో, అక్కడి మానవవనరుల సంస్థలోని ఇంటిపనివారి విభాగానికో వెళ్ళి ఫిర్యాదు ఇవ్వాలి. ఆ విభాగం ముందు ఇరువురినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే కేసు న్యాయస్థానానికి పోతుంది. అక్కడ ఆ చిన్న పుస్తకం, ఆ రసీదులు, ఆ రెండు వాక్యాల వాట్సాప్ సందేశం అక్కరకు వస్తాయి. ఇక్కడి కుటుంబం కూడా మన విదేశాంగ శాఖ నడిపే ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అందుకు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రాల నకళ్ళు ఇంట్లో ఉండాలి. ఆయన ఫోనులో మాత్రమే ఉంటే, ఆ ఫోను బాబా చేతిలోకి పోయిననాడు ఏమీ మిగలదు.

చివరిగా ఇంటివద్ద ఉన్నవారికి ఒక మాట. ఆ సోదరుని ఇంట్లో ఒకసారి, “వచ్చే ఏడు నీ ఇంటి స్లాబు ఖర్చు నాది” అని బాబా అన్న మాటను నమ్మి పునాది తవ్వించారు. ఆ మాట బాబాకు మరునాడు గుర్తులేదు. ఆ పునాదికి తెచ్చిన అప్పు తీర్చడానికే ఆయన మరి రెండేళ్ళు ఆ ఇంట ఉండిపోవలసి వచ్చింది. ఇప్పుడు ఆయన భార్య కూడా ఇక్కడ ఒక పుస్తకం పెట్టారు. బియ్యం, ఫీజు, చీటీ, అప్పు కంతు అన్నీ 120 దినార్లలోనే లెక్కవేస్తారు. ఈదీ వచ్చినా, పంపకం వచ్చినా అది వేరే పేజీ. ఆ పేజీలో ఉన్నది ఇప్పటికి రెండు విమాన టిక్కెట్ల వరకు చేరిందట. ఒప్పందం ముగియడానికి ఇంకా ఏడు నెలలు ఉన్నది.